పొటాష్ బస్తాలో ఎన్ని బెకరల్‌లు? బరువు, మోలార్ ద్రవ్యరాశి, అర్ధాయువుల నుంచి యాక్టివిటీ కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం చుట్టుపక్కల ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. ఏటా ఈ పాఠం రాగానే అవే సందేహాలు, అవే తప్పులు. సూత్రం అందరికీ నోటికి వచ్చు, జవాబు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోటి వస్తుంది. ఒక ఏడాది ఓ కుర్రాడు వాళ్ల కొబ్బరితోటకు తెచ్చిన పొటాష్ గుప్పెడు కాగితంలో పొట్లం కట్టుకుని వచ్చి, "ఇందులో రేడియోధార్మికత ఉంటుందట కదా మాస్టారూ, ఎంత?" అని అడిగాడు. అప్పటి నుంచి పాఠానికి పొటాష్ బస్తానే ఉదాహరణగా పెట్టుకున్నాను. వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమవుతుంది.

## సూత్రం దగ్గర

బెకరల్ అంటే అసలు ఏమి కొలుస్తున్నట్టు?

ఒక సెకనులో ఎన్ని పరమాణు కేంద్రకాలు విఘటనం చెందుతున్నాయో ఆ సంఖ్యే బెకరల్. సెకనుకు ఒకటి విఘటనం చెందితే 1 Bq. ఇది ఉత్త లెక్కింపు. వచ్చే కిరణం బలమైనదా, బలహీనమైనదా, మనిషికి తగిలిందా, గోడకు తగిలిందా అన్నది దీనిలో లేదు. 1896లో యురేనియం లవణాల నుంచి కిరణాలు వస్తున్నాయని కనుక్కున్న హెన్రీ బెకరల్ పేరు దీనికి పెట్టారు. ప్రమాణంగా తీసుకున్నది 1975లో. అంతకుముందు వాడిన క్యూరీ చాలా పెద్దది, 1 క్యూరీ అంటే 3.7 × 10¹⁰ Bq.

సూత్రం గుర్తుండటం లేదు. బట్టీ పట్టకుండా రాబట్టుకోవచ్చా?

రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఎన్ని పరమాణువులు ఉన్నాయి? వాటిలో ఒక్కోటి ఈ సెకనులో విఘటనం చెందే అవకాశం ఎంత? ఆ రెండిటినీ గుణిస్తే యాక్టివిటీ.

పరమాణువుల సంఖ్య కోసం బరువును మోలార్ ద్రవ్యరాశితో భాగిస్తే మోల్‌లు వస్తాయి, దాన్ని అవగాడ్రో సంఖ్యతో గుణించాలి. అవకాశం అంటే విఘటన స్థిరాంకం λ, అది 0.693ను అర్ధాయువుతో భాగిస్తే వస్తుంది. రెండూ కలిపితే:

```
A = (ln 2 / T) × (m / M) × N_A
```

ఇక్కడ T సెకన్లలో, m గ్రాముల్లో, M గ్రాము/మోల్‌లో, N_A = 6.022 × 10²³. m పైన ఉంది కాబట్టి సరుకు రెట్టింపైతే యాక్టివిటీ రెట్టింపు. T కింద ఉంది కాబట్టి ఎక్కువ కాలం బతికే ఐసోటోప్‌కు యాక్టివిటీ తక్కువ. ఈ రెండో మాట చాలామందికి తలకిందులుగా తోస్తుంది. పదార్థం కోట్ల ఏళ్లు ఉంటుందంటే అది సెకనుకు చాలా కొద్దిగానే ఖర్చవుతున్నట్టు.

0.693 ఎందుకు? నేరుగా 1/T వేస్తే ఏం?

అర్ధాయువు అంటే సగం పరమాణువులు పోవడానికి పట్టే కాలం. ఒక పరమాణువు సగటున బతికే కాలం దానికంటే ఎక్కువ, ఎందుకంటే మిగిలిన సగంలో కొన్ని చాలాకాలం నిలుస్తాయి. సగటు ఆయువు అర్ధాయువుకు 1.44 రెట్లు. సెకనుకు విఘటనం చెందే అవకాశం సగటు ఆయువుకు విలోమం, అర్ధాయువుకు కాదు. 0.693 మరచిపోతే జవాబు 44 శాతం ఎక్కువ వస్తుంది. ఇది కనిపెట్టడం కష్టమైన తప్పు. జవాబు వెయ్యి రెట్లు తేడా వస్తే అనుమానం వస్తుంది, ఒకటిన్నర రెట్లకు ఎవరికీ రాదు.

## అంకెలు వేసేటప్పుడు

అర్ధాయువు సంవత్సరాల్లో ఇచ్చారు. అలాగే వేస్తే ఏమవుతుంది?

వచ్చేది సంవత్సరానికి ఎన్ని విఘటనాలో. బెకరల్ కాదు. ఒక ఏడాదిలో సుమారు 3.156 × 10⁷ సెకన్లు ఉంటాయి, అంటే మీ జవాబు మూడు కోట్ల రెట్లు ఎక్కువ. ఏడాదిని 365 రోజులుగా తీసుకున్నా, 365.25గా తీసుకున్నా పెద్దగా తేడా లేదు, దాని కోసం కుస్తీ పట్టకండి. కొందరు సెకన్లలోకి మార్చబోయి గుణించాల్సిన చోట భాగిస్తారు. మార్చాక అర్ధాయువు అంకె పెద్దదవ్వాలి. చిన్నదైతే ఎక్కడో తిరగబడినట్టే.

కాలిక్యులేటర్‌లో ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తోంది. ఎందుకు?

తొంభై శాతం ఇది బ్రాకెట్ల గొడవ. 0.693 ÷ 1.248 × 10⁹ × 3.156 × 10⁷ అని వరసగా నొక్కితే కాలిక్యులేటర్ ఎడమ నుంచి కుడికి పోతుంది. మొదటి అంకెతో మాత్రం భాగించి, ఆపై పదుల ఘాతాలనూ, సెకన్లనూ పైకి గుణించేస్తుంది. కింద ఉండాల్సినవన్నీ పైకి వచ్చి చేరతాయి. అర్ధాయువు మొత్తాన్ని బ్రాకెట్లో పెట్టండి. ఘాతాలకు ×10^ అని నొక్కకుండా EXP లేదా EE మీట వాడండి, అప్పుడు 1.248E9 ఒకే అంకెగా నిలుస్తుంది.

M దగ్గర పట్టికలోని 39.1 వేయాలా, పొటాషియం-40 కాబట్టి 40 వేయాలా?

మీ m ఏ పదార్థం బరువో, M కూడా ఆ పదార్థానిదే కావాలి. నియమం అంతే. శుద్ధమైన పొటాషియం-40 ఒక గ్రాము ఇస్తే M = 39.96. సహజమైన పొటాషియం ఒక గ్రాము ఇస్తే M = 39.10, అప్పుడు వచ్చిన పరమాణువుల్లో పొటాషియం-40 వాటా 0.0117 శాతం మాత్రమే తీసుకోవాలి.

తిరకాసు ఎక్కడంటే, ఈ 0.0117 శాతం పరమాణువుల లెక్కలో వాటా, బరువులో కాదు. దాన్ని ముందే బరువు మీద వేసి, తర్వాత 39.96తో భాగిస్తే జవాబు రెండు శాతం పైచిలుకు తక్కువ వస్తుంది. పరీక్షలో మార్కు పోకపోవచ్చు గానీ, తేలికైన ఐసోటోప్‌లలో ఈ తేడా బాగా పెరుగుతుంది. ముందు మొత్తం పరమాణువులు లెక్కకట్టి, ఆ తర్వాత వాటా తీసుకోవడం నాకు అలవాటు.

కిలోలు, గ్రాములు కలిసిపోతున్నాయి. ఎలా తప్పించుకోవాలి?

M గ్రాము/మోల్‌లో ఉంటే m గ్రాముల్లో ఉండాలి. కిలోలు వేస్తే జవాబు సరిగ్గా వెయ్యి రెట్లు తక్కువ వస్తుంది. పక్కవాడి జవాబుకూ మీ జవాబుకూ అంకెలు ఒకటై, దశాంశ బిందువు మూడు స్థానాలు జరిగి ఉంటే కారణం ఇదే.

## పొటాష్ బస్తా లెక్క

పొటాష్‌లో రేడియోధార్మికత ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరైనా కలిపారా?

ఎవరూ కలపలేదు. ప్రపంచంలోని పొటాషియం అంతటిలోనూ, మన ఒంట్లో ఉన్నదాంట్లో కూడా, ప్రతి పది వేల పరమాణువుల్లో ఒకటికి కాస్త ఎక్కువగా పొటాషియం-40 ఉంటుంది. దాని అర్ధాయువు 1.248 × 10⁹ సంవత్సరాలు, అంటే సుమారు 125 కోట్ల ఏళ్లు. భూమి పుట్టినప్పుడు ఉన్నది ఇంకా పూర్తిగా కరిగిపోలేదు. అరటి, కొబ్బరి, వరి, ఏ పంటకు పొటాష్ వేసినా ఈ వాటా దానితో పాటే వస్తుంది.

ఇంకో మాట. మన వైపు రైతులు ఎర్ర పొటాష్, తెల్ల పొటాష్ అంటుంటారు. ఆ ఎరుపు చూసి "రేడియేషన్ అందులోనే ఉంటుందాండీ" అని అడిగినవాళ్లున్నారు. ఎరుపు గనిలోనే అంటుకున్న కొద్దిపాటి ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చింది. రెండు రంగుల్లోనూ పొటాషియం ఒకే మోతాదులో ఉంటే బెకరల్‌లూ ఒకటే.

50 కిలోల బస్తా యాక్టివిటీ మొత్తం లెక్క ఒకసారి చేసి చూపించండి.

బస్తా మీద K2O 60 శాతం అని ఉంటుంది. ఇక్కడే మొదటి గుంట. బస్తాలో K2O అన్న పదార్థం లేదు, ఉన్నది పొటాషియం క్లోరైడ్. పొటాషియం ఎంత ఉందో K2O రూపంలో చెప్పడం ఎరువుల వ్యాపారంలో పాత ఆనవాయితీ. కాబట్టి 60 శాతం అంటే 50 కిలోల్లో 30 కిలోల K2Oకి సమానమైన పొటాషియం ఉందని అర్థం.

K2O మోలార్ ద్రవ్యరాశి 94.2. అందులో పొటాషియం రెండు పరమాణువులు, 78.2. నిష్పత్తి 0.830. అంటే అసలు పొటాషియం 30 × 0.830 = 24.9 కిలోలు, గ్రాముల్లో 24,900.

సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. KClలో పొటాషియం వాటా 52.4 శాతం. 24.9 కిలోల పొటాషియం ఉండాలంటే 47.5 కిలోల KCl కావాలి. 50 కిలోల బస్తాలో 47.5 కిలోలు, అంటే 95 శాతం శుద్ధి. మిగతాది ఉప్పు, తేమ, మట్టి. నమ్మదగ్గ అంకెలాగే ఉంది, ముందుకు పోదాం.

24,900ను 39.10తో భాగిస్తే 637 మోల్‌లు. అవగాడ్రో సంఖ్యతో గుణిస్తే 3.83 × 10²⁶ పొటాషియం పరమాణువులు. వాటిలో 0.0117 శాతం, అంటే 1.17 × 10⁻⁴ వంతు తీసుకుంటే 4.49 × 10²² పొటాషియం-40 పరమాణువులు. తూకం వేయగలిగితే ఇవన్నీ కలిపి మూడు గ్రాములు. యాభై కిలోల బస్తా మోసుకొస్తే అందులో మన లెక్కకు పనికొచ్చేది మూడు గ్రాములే.

ఇక λ. అర్ధాయువు సెకన్లలో 1.248 × 10⁹ × 3.156 × 10⁷ = 3.94 × 10¹⁶. 0.693ను దీనితో భాగిస్తే సెకనుకు 1.76 × 10⁻¹⁷.

చివరి గుణకారం: 4.49 × 10²² × 1.76 × 10⁻¹⁷ = 7.9 × 10⁵. అంటే బస్తా మొత్తంలో సెకనుకు సుమారు 7 లక్షల 90 వేల విఘటనాలు. కిలో పొటాష్‌కు దాదాపు 15,800 Bq, గ్రాము పొటాషియంకు 31.7 Bq.

కాలిక్యులేటర్‌లో ఒకే వరసలో కావాలంటే:

```
ln(2) ÷ (1.248E9 × 3.156E7) × 24900 ÷ 39.10 × 6.022E23 × 1.17E-4
```

నాకు 9.5 లక్షలు వచ్చింది. మా ఫ్రెండ్‌కి 15.8 లక్షలు వచ్చింది. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ. కాకపోతే తప్పు ఏ చోట జరిగిందో అంకెలే చెబుతున్నాయి. 9.5 లక్షలు వచ్చిందంటే 60 శాతాన్ని నేరుగా పొటాషియం అనుకుని 30 కిలోలు వేశారు. 15.8 లక్షలు వచ్చిందంటే బస్తా అంతా పొటాషియమే అనుకుని 50 కిలోలూ వేశారు. ఇంకొకరు 675 కోట్ల దాకా తెచ్చారు. వాళ్లు ఐసోటోప్ వాటా మరచిపోయి, ప్రతి పొటాషియం పరమాణువూ రేడియోధార్మికమే అనుకున్నారు. వాటా మరిస్తే జవాబు సుమారు 8,500 రెట్లు పెరుగుతుంది. తప్పు జవాబును సరైన జవాబుతో భాగించి చూడడం అలవాటు చేసుకోండి. వచ్చిన నిష్పత్తిని బట్టి ఏ మెట్టు జారిందో తెలిసిపోతుంది.

పొటాష్ పొలంలో వేసి నీళ్లు పెట్టాం, కరిగి కాలవలో కలిసింది. బెకరల్‌లు తగ్గుతాయా?

తగ్గవు, చెదురుతాయి. విఘటనం కేంద్రకంలో జరిగే పని. పొటాషియం ఉప్పుగా ఉందా, నీళ్లలో అయాన్‌గా తిరుగుతోందా, కొబ్బరి వేరు పీల్చుకుందా అన్నది దానికి పట్టదు. ఒక కొబ్బరిచెట్టు పాదులో రెండు కిలోల పొటాష్ వేశారనుకోండి, అక్కడ సుమారు 32,000 Bq పెట్టినట్టు. కొంత వేరు తీసుకుంటుంది, కొంత మట్టిలో ఆగుతుంది, కొంత మురుగు కాలవకు పోతుంది. అన్నిచోట్లా ఉన్నది కూడితే మళ్లీ ఆ 32,000 రావాలి.

బస్తా గోడౌన్‌లో ఏడాది ఉండిపోయింది. పాత లెక్క పనికొస్తుందా?

పనికొస్తుంది. 125 కోట్ల ఏళ్ల అర్ధాయువు ముందు ఒక ఏడాది లెక్కలోకే రాదు. తేమ పీల్చి గడ్డకట్టి బరువు పెరిగి ఉంటే, ఆ కొత్త బరువు వేయకండి, అంతే.

## జవాబు వచ్చాక

నా జవాబు సరైనదో కాదో ఒక్క నిమిషంలో ఎలా తెలుస్తుంది?

0.693నూ అవగాడ్రో సంఖ్యనూ ముందే గుణించి, ఏడాదిలోని సెకన్లతో భాగించి పెట్టుకుంటే 1.32 × 10¹⁶ వస్తుంది. దీన్ని సంవత్సరాల్లో ఉన్న అర్ధాయువుతోనూ, మోలార్ ద్రవ్యరాశితోనూ భాగిస్తే శుద్ధమైన ఐసోటోప్ ఒక గ్రాముకు ఎన్ని బెకరల్‌లో వచ్చేస్తుంది.

దీన్ని రేడియం-226 మీద పరీక్షించండి. అర్ధాయువు 1,600 ఏళ్లు, M = 226. 1.32 × 10¹⁶ను ఈ రెండిటితో భాగిస్తే 3.65 × 10¹⁰. క్యూరీ అన్న ప్రమాణాన్ని మొదట్లో ఒక గ్రాము రేడియం మీదే నిర్ణయించారు, 3.7 × 10¹⁰ దగ్గరకు వచ్చామంటే దారి సరైనదే. అదే శుద్ధమైన పొటాషియం-40కు వేస్తే గ్రాముకు 2.65 లక్షల Bq. పొటాష్ బస్తాలోని మూడు గ్రాములకు 7.9 లక్షలు, అదీ సరిపోయింది.

బెకరల్‌లు ఇచ్చి బరువు అడిగితే?

అదే సూత్రాన్ని తిరగేయండి: m = A × M × T ÷ (0.693 × N_A). థైరాయిడ్ క్యాన్సర్ వైద్యంలో ఇచ్చే అయోడిన్-131 ఉదాహరణ తీసుకుందాం. ఒక మోతాదు 3.7 × 10⁹ Bq అనుకుంటే, అర్ధాయువు 8.02 రోజులు, అంటే 6.93 × 10⁵ సెకన్లు. M = 131. వచ్చే బరువు సుమారు 0.8 మైక్రోగ్రాము, కంటికి కనిపించేది కాదు. యాభై కిలోల పొటాష్ బస్తా 7.9 లక్షల దగ్గర ఆగితే, ఈ కనిపించని చుక్క దానికి నాలుగున్నర వేల రెట్లు పైనే. అర్ధాయువుల మధ్య తేడా తెచ్చిన వింత ఇది.

ఇలాంటి పొట్టి అర్ధాయువుల్లో బరువు ఏ రోజుదో కచ్చితంగా తెలియాలి. సోమవారం తూచిన అయోడిన్-131కు వచ్చే మంగళవారం, అంటే ఎనిమిది రోజుల తర్వాత, యాక్టివిటీ సగమే.

గీగర్ కౌంటర్ పెడితే లెక్కలో వచ్చినంత ఎందుకు చూపించదు?

సూత్రం చెప్పేది విఘటనాల సంఖ్య, కౌంటర్ చూపేది తన గొట్టంలోకి వచ్చి పట్టుబడిన వాటి సంఖ్య. పొటాషియం-40 విఘటనాల్లో సుమారు 89 శాతం బీటా కణాన్ని వదులుతాయి. మిగతా 11 శాతంలో కేంద్రకం ఒక ఎలక్ట్రాన్‌ను పట్టుకుంటుంది, వాటితో దాదాపు ఎప్పుడూ 1.46 MeV గామా కిరణం వస్తుంది. బీటా కణం పొటాష్‌లో కొన్ని మిల్లీమీటర్లు దాటి రాలేదు. బస్తా లోపల పుట్టినవన్నీ లోపలే ఆగిపోతాయి, పైపొరలోవి మాత్రమే బయటికొస్తాయి. గామా కిరణాలు దాటి వస్తాయి గానీ గీగర్ గొట్టం వాటిలో చాలా కొద్ది శాతాన్నే పట్టుకుంటుంది.

అందుకే పొటాష్‌ను కుప్పగా పోసి కొలిచే కంటే పళ్లెంలో పలచగా పరిచి కొలిస్తే గ్రాముకు ఎక్కువ కౌంట్లు వస్తాయి. ముందు ఖాళీ పళ్లెంతో పది నిమిషాలు కొలిచి, ఆ అంకెను తీసివేయడం మరవకండి. మన చుట్టూ ఎలాగూ కొంత రేడియేషన్ ఉంటుంది, అది పొటాష్ ఖాతాలో పడకూడదు.

ప్రతిసారీ వేరే అంకె వస్తోంది. పరికరం పాడైందా?

అక్కర్లేదు. విఘటనం యాదృచ్ఛికం. గ్రాము పొటాషియం పది సెకన్లలో సగటున 317 సార్లు విఘటనం చెందుతుంది, కానీ ఒకసారి 300, ఇంకోసారి 335 రావడం మామూలే. ఊగిసలాట సుమారుగా ఆ సంఖ్య వర్గమూలం, ఇక్కడ 18. అంతకు మూడు నాలుగు రెట్లు దాటి ఊగుతుంటే అప్పుడు పరికరాన్ని అనుమానించండి.

7.9 లక్షల బెకరల్‌లంటే భయపడాలా?

ఆ అంకెను చూసి ప్రమాదం చెప్పలేం. బెకరల్ విఘటనాలను లెక్కిస్తుంది, ఒంటికి చేరిన శక్తిని కాదు. దానికి సీవర్ట్ వేరే ఉంది. పోలిక కావాలంటే 70 కిలోల పెద్దమనిషి ఒంట్లో సుమారు 140 గ్రాముల పొటాషియం ఉంటుంది. గ్రాముకు 31.7 చొప్పున 4,400 Bq, పుట్టినప్పటి నుంచి మనతోనే. అరటిపండు తిన్నా, బోండం తాగినా అది పెరిగిపోదు. ఎక్కువైన పొటాషియాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి.

సముద్రం ఒడ్డు నల్ల ఇసుకలో థోరియం ఉంటుందంటారు. దానికీ ఇదే సూత్రమా?

సూత్రం ఇదే, కానీ సగం జవాబే వస్తుంది. మన ఆంధ్ర తీరం ఇసుకల్లో బరువైన ఖనిజాలతో పాటు మోనజైట్ ఉంటుంది, దానిలో థోరియం-232. అర్ధాయువు 1.405 × 10¹⁰ ఏళ్లు, M = 232. గ్రాము థోరియంకు లెక్క కడితే 4,060 Bq వస్తుంది. ఇది థోరియంది మాత్రమే.

పొటాషియం-40 ఒక్కసారి విఘటనం చెంది కాల్షియం-40గానో, ఆర్గాన్-40గానో స్థిరపడిపోతుంది. థోరియం అలా ఆగదు. సీసం-208 చేరేలోపు పది మెట్లు దిగాలి, ప్రతి మెట్టూ ఒక విఘటనమే. ఖనిజం చాలాకాలం కదలకుండా ఉంటే గొలుసులో అందరి యాక్టివిటీ తల్లితో సమానమవుతుంది, అప్పుడు మొత్తం పది రెట్లు, గ్రాము థోరియంకు సుమారు 40,600 Bq. థోరియంను రసాయనికంగా వేరు చేస్తే గొలుసు తెగి ఈ పది రెట్ల మాట కొన్నేళ్లపాటు చెల్లదు. కాబట్టి మీ నమూనా ఖనిజమా, శుద్ధి చేసిన పదార్థమా అని అడిగి తెలుసుకున్నాకే పదితో గుణించండి.